తాళాలక్క కూలి

నేను చదివింది మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి. ఆ బడికి ఒకటే గది, ఒకరే పంతులుగారు. వడ్డీ లెక్కలు నోటితో చెప్పి ఆయన చేత వీపు తట్టించుకున్నవాణ్ణి. అక్కణ్ణుంచి బయల్దేరి, బీరువాలు చేసే ఒక ఫ్యాక్టరీలో గేటు దగ్గర సరుకు రాసుకునే పనిలో చేరి, చివరికి లెక్కల విభాగానికి పెద్దనయ్యాను. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. నష్టాల్లో ఉన్న రంగుల షెడ్డును నిలబెట్టినందుకు వెండి పతకం ఇచ్చారు. మూడుసార్లు శాలువా కప్పారు. ఇవి గొప్పకు చెప్పుకోవడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను. అయితే ఈ కథ నాది కాదు, తాళాలక్కది.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. షెడ్డు కొసన ఒక పొడుగాటి గది, అందులో ఒక ప్రెస్సు, ఒక బల్ల, వీధి వైపు చిన్న కిటికీ. మా బీరువాలకు తాళాలు అక్కడే తయారయ్యేవి. ఒకప్పుడు ఆ గదిలో ఆరుగురు పనిచేసేవాళ్లు. ఒక్కొక్కరే మానేసి, చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. భర్త పెళ్లయిన రెండో ఏడే పోయాడు. పిల్లల్లేరు. అన్నదమ్ములున్నా లేనట్టే. ఇంటి దగ్గర ఒక్క గది, పనిలోనూ ఒక్క గది.

తాళం బిగించాక ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పేది. లోపల మీట పడే చప్పుడు నచ్చకపోతే విప్పి మళ్లీ మొదలుపెట్టేది. "బీరువా కొన్నవాడు సొమ్ము చూసుకుంటాడు, నేను చప్పుడు చూసుకుంటాను" అనేది. ప్రతి తాళం మీద ఒక నంబరు కొట్టేది. ఆ నంబరును బట్టి తాళంచెవికి పళ్లు ఎక్కడ ఎంత లోతు కోయాలో ఆమెకు తెలుసు. అందుకే చెవులు పోగొట్టుకున్నవాళ్లంతా తాళం నంబరు చీటీ మీద రాసుకుని ఆ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు. ఎవరొచ్చినా రెండు చెవులు కోసి ఇచ్చేది, ఒకటి వాడుకకు, ఒకటి దాచుకోవడానికి. వచ్చినవాళ్లను పోగొట్టుకున్న వైనం అడిగేది. కాలవలో పడేసుకున్నవాళ్లు, కోపంతో విసిరేసినవాళ్లు, కోడలు దాచేసిందని ఒట్టేసేవాళ్లు, అందరి కథలూ వినేది. రోజంతా ఆమెతో మాట్లాడేది ఆ కిటికీ ఒక్కటే.

ఒక ఏడు బీరువాల అమ్మకాలు మందగించాయి. సగం యంత్రాలు గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. మా చిన్న యజమాని, అంటే పెద్దయ్యగారి అబ్బాయి, అప్పుడే వ్యవహారం చేతిలోకి తీసుకున్నాడు. తెలివైనవాడు, మాట వినేవాడు. ఒకరోజు ఒక కొత్త తాళం నా బల్ల మీద పెట్టాడు. బయటి కంపెనీవాడు ఎనభై రూపాయలకు ఇస్తానన్నాడట. మన తాళం వంద పడుతోందని నా పద్దులే చెబుతున్నాయి కదా, తాళాల గది మూసేద్దాం అన్నాడు.

నేను ఆ వందను నాలుగు ముక్కలు చేసి చూపించాను. ఇత్తడి, ఇనుము, స్ప్రింగు కలిపి నలభై రెండు. కరెంటు మూడు. తాళాలక్క జీతంలోంచి తాళానికి ముప్పై. షెడ్డు అద్దె, ఆఫీసు ఖర్చుల వాటా పాతిక.

"బాబూ, గది మూస్తే అద్దె తగ్గుతుందా?" అని అడిగాను.

తగ్గదన్నాడు. పర్మినెంటు మనిషి కాబట్టి తాళాలక్కను తీసెయ్యలేమనీ, ఆమెకు ఇవ్వడానికి వేరే పనీ లేదనీ తనే ఒప్పుకున్నాడు.

"అయితే ఆ ముప్పై, ఈ పాతిక మనం తాళం చేసినా పోతాయి, కొన్నా పోతాయి. రెండు వైపులా ఉన్నది లెక్కలోకి రాదు. కొంటే మిగిలేది నలభై ఐదే. ఆ నలభై ఐదు మిగుల్చుకోవడానికి ఎనభై పోస్తామా?"

నెలకు మూడు వందల తాళాలు. తాళానికి ముప్పై ఐదు చొప్పున పదివేల ఐదు వందలు చేతి చమురు వదిలేది. కుర్రవాడు కాసేపు కాగితం చూసి తాళం జేబులో వేసుకున్నాడు. గది నిలబడింది. పెద్దపెద్ద చదువులవాళ్ల మధ్య ఆ రోజు నా మాట నెగ్గిందని ఇంటికి ఛాతీ విరుచుకుని వెళ్లాను.

మర్నాడు శుభవార్త నేనే చెబుదామని తాళాల గదికి వెళ్లాను. అప్పటికే ఎవరో మోసేశారు. ఆమె తలెత్తకుండా ఆకురాయి ఆడిస్తూనే ఉంది.

"నా కూలి లెక్కలోకి రాదన్నారట, లెక్కలయ్యగారూ."

నేను విడమరిచి చెప్పాను. నీ పనికి విలువ లేదని కాదక్కా, నీ జీతం ఎలాగూ ఇస్తాం కాబట్టి దాన్ని ఆ తాళం మీద వెయ్యకూడదని అర్థం, దానివల్లే నీ గది మిగిలింది అన్నాను. శ్రద్ధగా విన్నది.

"అంటే నేను పనిచేసినా ఒకటే, చేతులు ముడుచుక్కూచున్నా ఒకటే అన్నమాట. సరే లెండి, గది ఉంది. అది చాలు."

నా జన్మలో నా లెక్కను ఎవరూ అంత మెత్తగా తప్పు పట్టలేదు. లెక్క మాత్రం తప్పు కాదు.

రెండు నెలలకు ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు వచ్చారు. పనివాళ్లు బట్టలు పెట్టుకునే చిన్న లాకర్లు కావాలట. నెలకు నూట ఎనభై చొప్పున ఆరు నెలలు. ధర మాత్రం ఒకటికి పదిహేను వందలు దాటి ఇచ్చేది లేదన్నారు. మా పద్దుల్లో అలాంటిది పదిహేడు వందల యాభై పడుతుంది. అమ్మకాలు చూసే ఆయన, ఒక్కోదానికి రెండు వందల యాభై ఎదురిచ్చి అమ్మడానికి ఇది సత్రమా అన్నాడు.

మళ్లీ నేనే లేచాను. రేకు, రంగు, కరెంటు, రవాణా కలిపి పన్నెండు వందలే కొత్తగా పెట్టేది. మిగతా ఐదు వందల యాభై అద్దె, జీతాల వాటా. మనుషులు ఖాళీగా కూర్చుని జీతం తీసుకుంటూనే ఉన్నారు, యంత్రాలు దుమ్ము తింటూనే ఉన్నాయి. కాబట్టి లాకరుకు మూడు వందలు మిగులుతుంది, నెలకు యాభై నాలుగు వేలు. ఒకే ఒక్క జాగ్రత్త, మన దుకాణదారులు ఈ ధర చూసి మాకూ ఇదే ధర అని పట్టుబట్టకూడదు. ఆసుపత్రివాళ్లు బయట అమ్ముకోరు, కొలతా వేరు, రంగూ వేరు. ఆ భయం లేదు అన్నాను. ఇదే రోజువారీ ధర అయితే మునుగుతాం, ఖాళీ ఉన్నప్పుడు ఒక్కసారికి మాత్రమే అని కూడా చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడు చిన్న యజమాని తల గీరుకున్నాడు. లాకరు తలుపులకు గాలి చీలికలు కొట్టగలిగిన ప్రెస్సు ఒక్కటే ఉంది, తాళాల గదిలోది. నూట ఎనభై కొట్టాలంటే నెలంతా దానికే కావాలి. రాత్రి నడుపుదామంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఊరుకోరు.

"పెద్దాయనా, మీ లెక్క ప్రకారమే చూస్తున్నాను. తాళాలు మనమే చేస్తే మిగిలేది పదివేల ఐదు వందలు. ఆ ప్రెస్సు లాకర్లకు ఇస్తే వచ్చేది యాభై నాలుగు వేలు. ఖాళీగా ఉన్నంతసేపే కదా తాళం నలభై ఐదు. ఇప్పుడు ప్రెస్సు ఖాళీగా లేదు."

శిష్యుడు గురువును మించాడు. అతను అన్నదాంట్లో అక్షరం తప్పు లేదు. తాళాలు ఎనభైకి కొన్నా నెలకు నలభై మూడువేల ఐదు వందలు లాభమే. ఆర్డరు మొదలయ్యేలోపు ఉన్న వారాల్లో ప్రెస్సు ఖాళీయే కనుక అందినన్ని తాళాలు ముందే చేసి పెట్టుకుందామని మాత్రం అనగలిగాను. అలా చేసిన ప్రతి తాళం నలభై ఐదుకే పడుతుంది. మిగిలినవి కొనుక్కోవచ్చు.

తాళాలక్క ఎందుకని అడగలేదు. భోజనాల గంట కొట్టినా లేవకుండా తాళాలు చేసి గోడ పొడుగునా పేర్చింది. ఎంత తొందరున్నా ఒక్కదాన్ని కూడా చెవి దగ్గర పెట్టకుండా పక్కన పెట్టలేదు.

ప్రెస్సును గొలుసులు కట్టి లాక్కెళ్లిన రోజు ఆమె కిటికీ రెక్క మూసి గొళ్లెం పెట్టింది. ఆమెను పెద్ద షెడ్డులో లాకర్లకు గొళ్లేలు బిగించే వరుసలో నిలబెట్టారు. చుట్టూ నలభైమంది. అక్కడ జోకులు, పాటలు, తగాదాలు. వాళ్లవన్నీ పాత స్నేహాలు, ఈమెవి కిటికీ బయటి స్నేహాలు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఖాళీ గదికి వెళ్లి, ప్రెస్సు ఉన్న చోట నేల మీద మిగిలిన నాలుగు బోల్టు గుంటల పక్కన కూర్చుని తినేది. చెవులు పోయినవాళ్లు వచ్చి, మూసిన కిటికీ తట్టి, తట్టి వెళ్లిపోయేవాళ్లు. చెవి కొయ్యడానికి ప్రెస్సు అక్కర్లేదు కదా, ఆకురాయి చాలు కదా అన్నాను. "వరుసలోంచి కదిలితే నా వెనక వాళ్ల పని ఆగుతుందయ్యగారూ" అన్నది.

ఆర్డరు ముగిసింది. మార్కెట్టు ఇంకా మందకొడిగానే ఉంది, ప్రెస్సు మళ్లీ ఖాళీ. ఎవరూ అడగకముందే లెక్క మళ్లీ వేసి చిన్న యజమాని ముందు పెట్టాను. నలభై ఐదుకు ఎనభై, పాత జవాబే. ప్రెస్సు తిరిగి వచ్చింది, కిటికీ తెరుచుకుంది. ఆమె ఏడాది పైచిలుకు అక్కడే పనిచేసింది. అంతలో ఆమె రిటైరయ్యే నెల వచ్చింది.

ఆమె వెళ్లిపోతే ఆ చోటికి కొత్త మనిషిని పెట్టాలి. అప్పుడు ఆ ముప్పై మిగుల్చుకోగల ఖర్చే అవుతుంది. తాళం మనకు డెబ్బై ఐదు. బయటివాడు ఈలోగా డెబ్బైకి దిగాడు. గది మూసెయ్యమని కాగితం మీద రాసింది నేనే. ఇన్నాళ్లూ లెక్కలోకి రాని ఆమె కూలి, ఆమె వెళ్లిపోతుండగా వచ్చింది. లెక్కకు మొహమాటం తెలియదు. ఆఖరి రోజు ఆమెకు శాలువా కప్పారు. గది తాళంచెవి నా చేతిలో పెట్టి, ముడి ఇత్తడి ముక్కలు నాలుగు అడిగి పుచ్చుకుని వెళ్లింది.

నేనూ రిటైరై చాలా ఏళ్లయింది. మా ఆవిడ పోయాక ఇంట్లో గడియారం చప్పుడు నాకు మరీ గట్టిగా వినిపిస్తోంది. నా పతకం, శాలువాలు, సన్మాన పత్రాలు ఉన్న బీరువా మా ఫ్యాక్టరీదే, తాళం తాళాలక్కదే. మొన్న దాని చెవులు రెండూ ఎక్కడో పెట్టి మరిచిపోయాను. బజారులో అడిగితే తలుపు పగలగొట్టాలన్నారు. నంబరు చీటీ మీద రాసుకుని వెతుక్కుంటూ ఆమె ఇంటికి వెళ్లాను.

అదే ఒక్క గది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. చీటీ దూరంగా పెట్టి చదివి, పెట్టెలోంచి ఇత్తడి ముక్క, ఆకురాయి తీసింది. ఎలా పోయాయని అడిగింది. చెప్పాను. మా ఆవిడ సంగతి కూడా చెప్పాను. ఆమె ఆకురాయి ఆపకుండా వింటూనే ఉంది. వెలుగు గుమ్మం దాటి వెళ్లేదాకా మాట్లాడాను.

పని అయ్యాక ఎంతివ్వమంటావక్కా అన్నాను.

"ముక్క ఇత్తడికి ఎంతవుతుందో అంతివ్వండి. ఖాళీగానే ఉన్నాగా. నా కూలి లెక్కలోకి రాదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె పెదవి కొసన చిన్న నవ్వు కదిలింది. నేను చిల్లర ఏరి ఇచ్చాను, ఆమె లెక్కపెట్టి తీసుకుని, కోసింది నా చేతిలో పెట్టింది. చేతిలోకి చూసుకుంటే చెవి ఒక్కటే ఉంది.

"ఎప్పుడూ రెండిచ్చేదానివి కదా?"

"రెండోది కూడా ఇచ్చేస్తే, లెక్కలయ్యగారూ, మళ్లీ ఎందుకొస్తారు?"