డ్యూటీలో ఉన్న డాక్టరు

ఆవిడకు రెండు కళ్ళజోళ్ళు ఉండేవి. ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. అందుకే మా పత్రికాఫీసులో అందరికీ ఆవిడ కళ్ళజోడక్క. ఎదురుగా మాత్రం ఒట్టి అక్క. అచ్చు కాబోయే ప్రతి పేజీనీ చదివి తప్పులు దిద్దడం ఆవిడ పని. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం, లేకపోతే లేదు.

ఆవిడ ప్రూఫు చదివే తీరు చూసి తీరాల్సిందే. పేజీని కిందినుంచి పైకి, చివరి వాక్యంతో మొదలుపెట్టి చదివేది. "మొదటినుంచి చదివితే కథ మనల్ని లాక్కుపోతుంది మాస్టారూ. అక్కడ లేనివి కూడా ఉన్నట్టే కనిపిస్తాయి" అనేది. లెక్కల మాస్టారి ఉద్యోగం మానేసి ఈ పత్రికలో చేరాను కనక నేను అందరికీ మాస్టారినే.

ఆదివారం సంచికలో 'చిక్కుకథ' శీర్షిక నాది. పన్నెండేళ్ళుగా నాదే. నాలుగు వాక్యాల కథ ఉంటుంది. చదివితే ఇదెలా సాధ్యం అనిపిస్తుంది. కథలో లేని ఒక మాటను పాఠకుడు తనంతట తాను చేర్చుకుంటాడు. దాన్ని పట్టుకుని తీసి పారేస్తే చిక్కు విడిపోతుంది. ఊళ్ళో నలుగురూ నన్ను గుర్తుపట్టేది దాని వల్లే. ఇంట్లో మా ఆవిడ కూడా నన్ను కాస్త లెక్కచేసేది దాని వల్లే.

అక్క వచ్చిన మూడో వారంలోనే నా కడుపుమంట మొదలైంది. ఆ వారం కథ ఇది. ఒకావిడ రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి నడిచే ఇంటికి వెళ్తుంది. గొడుగు లేదు. ఎంత వానలోనైనా తడవదు. జవాబు: ఆవిడ ఇల్లు కొట్టు వెనక గదే. ఇల్లు ఎక్కడో దూరంగా ఉందని కథ చెప్పలేదు, మనమే అనుకున్నాం. అక్క ప్రూఫుకు ఒక చీటీ గుచ్చి పంపింది. 'దారి పొడుగునా పైకప్పు ఉన్నా తడవదు కదా. ఆ వీధిలో ఎక్కడా పైకప్పు లేదని ఒక వాక్యం చేరిస్తే మీ జవాబొక్కటే మిగులుతుంది.'

నిజమే. పన్నెండేళ్ళలో ఒక్కరూ నాకు అలాంటి మాట చెప్పలేదు. ఆ వాక్యం చేర్చాను. పాఠకులు ఆహా ఓహో అన్నారు. ఆ మెచ్చుకోళ్ళు ఒక్కొక్కటీ పుండు మీద కారం చల్లినట్టు తగిలాయి నాకు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

"ఒక్క వాక్యానికి అంత కుళ్ళుకోవాలా?" అంది మా ఆవిడ.

"కుళ్ళు ఎవరికి? నాకేం పట్టింది?" అన్నాను. పట్టింది. గట్టిగానే పట్టింది.

ఆ తర్వాత పది నెలలకు అక్క చేతిలో మడత పెట్టిన కాగితాలతో ఎడిటర్ గారి గదిలోకి వెళ్ళడం చూశాను. ఒకసారి కాదు, నెలలో మూడుసార్లు. నాకింకేం కావాలి? సొంతంగా చిక్కుకథలు రాసి చూపిస్తోంది, ఆయన మెచ్చుకుంటున్నాడు, నా శీర్షికకు ఎసరు పెడుతున్నారు. ఈ మూడు ముక్కలూ క్షణంలో అతికించేశాను. అవతలివాళ్ళు అలా అతికించుకోవాలని కథలు రాసేవాణ్ణి, నేనే అతికించుకున్నాను.

అప్పుడొచ్చింది డాక్టరు కథ. 'పేరున్న డాక్టరు ఒకాయన ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాడు. పక్క మంచం మీద ముసలాయన ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. డాక్టరు నర్సును కేకేశాడే కానీ, తాను అడుగు కదపలేదు. తర్వాత ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. ఎందుకు?' ఎందుకంటే ఆయన కూడా అక్కడ రోగే. రెండు కాళ్ళకూ కట్లు.

అక్క చీటీ వచ్చింది. 'మాస్టారూ, డ్యూటీలో అన్న మాట తీసెయ్యండి. రోగికి డ్యూటీ ఉండదు, అది అబద్ధమవుతుంది. మనం దాచవచ్చు కానీ అబద్ధం చెప్పకూడదు. ఆ మాట తీసేసినా, డాక్టరు అనగానే డ్యూటీలో ఉన్నాడనే అనుకుంటారు.'

ఒళ్ళు మండింది. నాకు పాఠం చెబుతోందా అనుకున్నాను. చీటీ పీకి సొరుగులో పడేసి, కింద ఆవిడ సంతకం ఉన్న ప్రూఫును ఉన్నదున్నట్టు అచ్చుకు పంపేశాను.

తర్వాతి వారం జవాబు అచ్చయిందో లేదో, ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. కాళ్ళకు కట్లున్నవాడు డ్యూటీ ఎలా చేస్తాడు, మమ్మల్ని మోసం చేశారు అని. ఎడిటర్ గారు ఇద్దర్నీ పిలిచారు.

"ఇంత తప్పు ప్రూఫులో కనబడలేదామ్మా?" అని అక్కను అడిగారు.

ఆవిడ నావైపు ఒకసారి చూసింది. "చీటీ రాశానండీ. దారిలో ఎక్కడో ఊడిపడి ఉంటుంది. కానీ సంతకం నాదే" అంది.

నా నోరు పెగల్లేదు. పెగల్చలేదు అనడం నిజం. ఈ నెలాఖరుతో కాంట్రాక్టు ఆపేస్తున్నామని ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశారు. తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాను. లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఉన్నమాట చెప్పాలి కదా.

కానీ నా సీట్లో కూర్చోగానే ఒక ముక్క కుదరలేదు. చిక్కుకథ విప్పడానికి నా పద్ధతి ఒకటుంది. కాగితం మధ్య గీత గీసి, ఒకవైపు కథ చెప్పినవి, రెండోవైపు నేను అనుకున్నవి రాస్తాను. ఆ రెంటితో ఎంతకీ పొసగని ముక్క ఏదో వెతుకుతాను. తప్పుడు ఊహ దాని పక్కనే ఉంటుంది. గీత గీశాను. అక్క కాగితాలతో లోపలికెళ్ళింది: చూశాను. అవి చిక్కుకథలు: అనుకున్నాను. ఎడిటర్ గారికి ఆవిడంటే గురి: అనుకున్నాను. అంత గురి ఉన్న మనిషిని ఒక్క నిమిషంలో తీసేస్తారా? అది పొసగడం లేదు. గీతకు ఎడమవైపు ఒక్క వాక్యం, కుడివైపు పేజీ నిండా నా ఏడుపు.

లేచి ప్రూఫుల గదికి వెళ్ళాను. అక్క సామాన్లు సంచిలో సర్దుకుంటోంది.

"అక్కా, ఎడిటర్ గారి దగ్గరికి తీసుకెళ్ళిన కాగితాలేంటి?"

"అర్జీలు మాస్టారూ. కాంట్రాక్టు పొడిగించమని. మూడుసార్లు ఇచ్చాను. ఆయన తలెత్తి కూడా చూడలేదు."

నా శీర్షికకు ఎసరు పెడుతోందని నేను మండిపోయిన రోజుల్లో ఆవిడ తన కూటి కోసం ఆ గుమ్మం దగ్గర నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. సొరుగులోంచి చీటీ తీసి నేరుగా ఎడిటర్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"నా దగ్గరేనండీ. కావాలనే దాచాను."

ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అక్క కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. చిక్కుకథ ఆవిడకిచ్చారు. నాకు వాతావరణం, రైళ్ళ వేళలు మిగిలాయి.

మర్నాడు ఆవిడ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. క్షమించమని అడగడానికి ముఖం చెల్లలేదు. ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"చీటీ దారిలో ఊడిపడిందని నాకెవరూ చెప్పలేదు మాస్టారూ" అంది. "మీరు అలాంటి పని చెయ్యరని నేనే అనుకున్నాను."