తరలింపు చర్యలు

దానియేలు గారు మా తాలూకా ఆఫీసులో గుమాస్తా. నేను తెలుగు టైపిస్టుని. ఆయన రాసిన చిత్తుప్రతిని నేను మిషను మీద కొట్టేదాన్ని, తహసీల్దారు సంతకం పెట్టేవారు, అక్కడితో అది సర్కారు మాట అయిపోయేది. అది ఊళ్ళో ఎవరికి ఏమర్థమయిందో మాలో ఒక్కరం కూడా వాకబు చేయలేదు.

ఆయన తండ్రి సాలమోను ముక్తేశ్వరం దగ్గర పాలేరు. కొడుకు మిషనరీల బళ్ళో చదివి, ఉద్యోగం తెచ్చుకుని, ఆఫీసు తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఆ తెలుగు ఆయనకి ఇస్త్రీ చొక్కా లాంటిది. అది వేసుకుంటే పాలేరు కొడుకని ఎవరూ అనలేరు. "చూశాను" అని ఆయన ఎన్నడూ రాయలేదు. "పరిశీలన జరుపబడినది" అని రాసేవారు. నేనూ తక్కువదాన్ని కాదు, అది కొట్టి ఎంత గంభీరంగా ఉందో అనుకునేదాన్ని.

డెబ్బైల చివర్లో ఒక ఏడు గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీరు పెరుగుతోందని పొద్దున్నే కబురు రాగానే, మా తాలూకాలో ఏటి నడుమ ఉన్న లంకకి నోటీసు రాయమన్నారు. ఆ లంక పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. దానియేలు గారు తన ధోరణిలోనే రాశారు.

"గోదావరి నదీ ప్రవాహమున సంభవించిన వృద్ధి దృష్ట్యా లంక ప్రజల తరలింపునకై తగు చర్యలు చేపట్టుట జరుగుచున్నది. ఇందు నిమిత్తమై ప్రజల సహకారము కోరడమైనది."

మా ఆఫీసు టముకు మనిషి అబ్బులు లంకకి వెళ్ళి టముకు కొట్టి అది చదివాడు. అంతకుముందెప్పుడో ఒక టముకు మనిషి శిస్తు నోటీసుకి తన సొంత మాట ఒకటి కలిపాడని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి మా టముకువాళ్ళు కాగితంలో ఉన్నదే, అక్షరం పొల్లుపోకుండా చదివేవారు. అడిగినా అర్థం చెప్పేవారు కాదు. అబ్బులు చదివి వచ్చేశాడు. లంకలోంచి ఎవరూ కదల్లేదు. తెల్లారేసరికి ఏరు లంక మీదెక్కింది. పోయినవాళ్ళలో ఆ లంకలో ఉండే పాపాయమ్మ అనే ఆవిడ కూతురు రూతు ఒకతె.

నీళ్ళు తీశాక పాపాయమ్మ ఆఫీసుకొచ్చింది. నా మిషను పక్కనే, దానియేలు గారి బల్ల ముందు నిలబడింది.

"ఆ కాయితం రాసింది మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండి."

"సర్కారు తరలింపు చేస్తందని టముకేసేరండి. తరలించేవోళ్ళు వొస్తారని మూటలు కట్టుకుని రేవులో కూకున్నావండి. ఎవరు రావాలండి, బాబుగారూ? పేరు చెప్పండి."

దానియేలు గారు ఆఫీసు ప్రతి తీసి చదివారు. మళ్ళీ చదివారు. తరలింపు ఉంది, చర్యలు ఉన్నాయి, సహకారం ఉంది. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

తహసీల్దారు ఆయన్ని ఓదార్చారు. "లంకవాళ్ళు ఏం చెప్పినా కదలరు, దానియేలు గారూ. గొడ్లని ఒదిలి వొస్తారా? ఇప్పుడు రేవులో కూచున్నామంటారు, అంతే." ఆఫీసంతా అదే మాట అంది. దానియేలు గారు తలూపారు. ఏం చెప్పినా కదలరన్న ఆ మాట పట్టుకునే ఆయన రోజూ ఆఫీసుకి రాగలిగారని నాకు తర్వాత తెలిసింది.

అయితే పాపాయమ్మ వెళ్ళిపోయినా ఆ ప్రశ్న వెళ్ళలేదు. పట్టపగలు, అందరం ఉండగా, దానియేలు గారి కలం ఆగిపోయేది. ఆయన తలెత్తి బల్ల ముందున్న ఖాళీ వైపు చూసేవారు. మొదట్లో నేనూ అటు చూసేదాన్ని. తర్వాత భయమేసి మానేశాను.

ఒకరోజు పింఛను కాగితం చెబుతూ ఆగారు. "రత్నమాల గారూ, పరిశీలన జరుపబడినది అంటే, ఎవరు జరిపేరండి?"

"మీరేనండి."

"అయితే 'పరిశీలించాను' అని కొట్టండి."

అలా మొదలైంది. ఎక్కడ "తగు చర్యలు" కనబడినా ఏం చర్య, చేసేదెవరు అని అడిగేవారు. "మంజూరు చేయుట జరుగును" కొట్టేసి "ఇస్తాం" అనేవారు. ఎవరిస్తారో తేలకపోతే కాగితం కదలనిచ్చేవారు కాదు. సగం కాగితాల్లో చేసేవాడెవడో ఆఫీసుకే తెలియదని అప్పుడు బయటపడింది. అధికారులు ఎర్రసిరాతో మళ్ళీ పాత మాటలే వేసేవారు. "పరిశీలించాను అంటే రేపు ఆడిటులో నీ పీక పట్టుకుంటారయ్యా" అని ఒకాయన కోప్పడ్డారు. దానియేలు గారు "ఆయ్" అని, మర్నాడు మళ్ళీ అలాగే రాసేవారు. ప్రమోషన్ రాలేదు. బుర్ర తిరిగిందన్నారు. నాకూ అనుమానం వచ్చిన రోజులున్నాయి.

ఎనభై ఆరు ఆగస్టు నాటికి తాలూకాలు పోయి మండలాలొచ్చేశాయి. ప్రకాశరావు గారని కుర్ర అధికారి వచ్చారు. గోదావరి మళ్ళీ పొంగింది, ఈసారి మేం ఎప్పుడూ ఎరగనంతగా. లంకకి నోటీసు వెంటనే రాయండన్నారు. దానియేలు గారు కాగితం ముట్టుకోలేదు. గొడుగు తీసుకుని గట్టు మీదికి పోయారు. నేను నిజంగానే కంగారు పడ్డాను. పడవల సూరయ్యతో, మిగతా సరంగులతో మాట్లాడి, పడవలు రేవుకి కట్టించి, తడిసి ముద్దై వచ్చారు.

"పడవ చూడకుండా పడవుందని రాస్తే అది పాత కాయితం కంటే పెద్ద పాపం అవుతాదండి" అని కూర్చుని రాశారు.

"గోదావరి పొంగుతోంది. రేపు పొద్దుటికి లంక మునుగుతుంది. చీకటి పడకముందే లంక వదలండి. పశువుల్ని తోలుకురండి, తేలేకపోతే పలుపులు విప్పేయండి. ఎవరికోసమూ ఆగకండి. రేవులో పడవలున్నాయి, సూరయ్య దాటిస్తాడు. పడవలు నేను పంపాను. దానియేలు, మండలాఫీసు గుమాస్తా."

ప్రకాశరావు గారు చదివి నొసలు ముడిచారు. "పేర్లెందుకండీ? తగు ఏర్పాట్లు చేయడమైనది అనండి."

"ఏర్పాట్లు ఎవర్నీ ఏరు దాటించవండి."

"పడవ రాకపోతే మిమ్మల్ని అడుగుతారు."

"అడగాలండి. అడగడానికి ఓ మనిషుండాలండి."

ప్రకాశరావు గారు కిటికీలోంచి వాన చూశారు. చూసి సంతకం పెట్టారు.

అబ్బులు ఉన్నదున్నట్టు చదివాడు. మధ్యాహ్నం నుంచే పడవలు నిండడం మొదలైంది. పిల్లలు, ముసలివాళ్ళు, కోళ్ళ గంపలు, తువ్వాయిలు, పడవల వెనక ఈదుతున్న గేదెలు. చీకటి పడకముందే లంక ఖాళీ అయిపోయింది. తెల్లారి చూస్తే అక్కడ కొబ్బరి తలలు తప్ప ఇంకేమీ లేవు. ఆ లంకవాళ్ళలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

వాళ్ళని పెట్టిన బళ్ళో పొద్దున్నే అందరికీ జావ పోశారు. ప్రకాశరావు గారు చిన్నపిల్లాడిలా వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. పాపాయమ్మ ఒక మూల ఎవరి పసిపిల్లనో ఒళ్ళో వేసుకుని ఉంది. నాకు సంతోషం పట్టలేదు. ఇన్నేళ్ళ పీడ ఈ మనిషికి ఇవాళ్టితో వదిలిందనుకుని దానియేలు గారి కోసం వెతికాను.

వంటపాక వెనక, వానలోనే నిలబడి ఉన్నారు.

"అందరూ వొచ్చేసేరండి" అన్నాను.

"ఆయ్. చెబితే వొచ్చేరండి." ఆయన నావైపు తిరగలేదు. "ఎలా చెప్పినా రారనుకునే ఇన్నాళ్ళూ బతికేనండి, రత్నమాల గారూ."