దేవుడు లేని ఒక్కపొద్దులు

నలభై ఆరో ఏట నా చేతుల్లోంచి పాతిక కిలోల బస్తా జారింది. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో నాది పొడి బస్తాలు ఎత్తి రియాక్టర్ అనే పెద్ద ఉక్కు పాత్ర నోట్లో పోసే పని. కొత్త బ్లాకుల్లో ఆ పని యంత్రాలు చేస్తాయి. మా పాత బ్లాకులో ఇంకా మనుషులమే. నాలుగు మెట్లెక్కి, బస్తాను రొమ్ము ఎత్తుకు లేపి వంచాలి. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పని. ఆ రోజు మూడో మెట్టు మీద పట్టు తప్పి బస్తా కింద పడింది. చిరగలేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

"ఏందన్నా, పొద్దుగాల చాయ తాగలేదా?" అన్నాడు నాతో పనిచేసే వాళ్లలో అందరికన్నా చిన్నవాడు.

నేనూ నవ్వాను. షిఫ్ట్ ఇన్‌చార్జి మాత్రం నవ్వలేదు. ఫ్యాక్టరీ డాక్టరమ్మ దగ్గరికి పొమ్మని చీటీ రాసిచ్చాడు.

డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వస్తుంది. కొత్తగా చేరింది, నాకంటే పదేళ్లు చిన్నది. నేను ధీమాగానే వెళ్లాను. ఏటా జరిగే చెకప్‌లో నా కార్డు మీద డెబ్బై రెండు కిలోలే ఉండేది. తోటివాళ్లు ఏటేటా లావెక్కుతుంటే నేను మాత్రం అట్లాగే ఉన్నానని క్యాంటీన్లో గొప్పలు పోయేవాణ్ని. ఈసారి అరవై ఏడుకు దిగింది. శభాష్ అంటుందనుకున్నాను.

ఆమె కార్డు పక్కన పెట్టి, టేపు తీసి నా పొట్ట కొలిచింది. తర్వాత పిక్క కొలిచింది. పట్టు ఎంతుందో చూపే ఒక పిడి చేతికిచ్చి గట్టిగా నొక్కమంది. చివరికి ఒక కుర్చీ చూపించి, చేతులు రొమ్ము మీద కట్టుకుని ఐదుసార్లు కూర్చుని లేవమంది. ఇదేం పరీక్ష, చిన్నపిల్లలాట అనుకున్నాను. మూడుసార్లు లేచాను. నాలుగోసారి నాకు తెలియకుండానే చెయ్యి కుర్చీ మీద ఆనింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"బరువు తగ్గింది గానీ పొట్ట తగ్గలేదు. మరి తగ్గిందేంది?" అని అడిగింది. వెంటనే తనే "కండ," అంది.

నిదానంగా చెప్పింది. నలభై దాటిన మనిషికి కండ ఏటా కొంచెం కొంచెం కరుగుతుందట, ఆ చోటు కొవ్వు ఆక్రమిస్తుందట. తూకానికి ఆ తేడా తెలియదు. అన్నేళ్లూ డెబ్బై రెండు కిలోలు ఉన్నది ఒకే మనిషి కాదన్నమాట. కండ తగ్గినకొద్దీ ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే తిండి పెంచకపోయినా పొట్ట పెరుగుతుంది. దాని మీద కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు ఉన్న కండా పోతుంది.

"రోజూ బస్తాలు మోస్తున్న గదా మేడమ్," అన్నాను.

"మోస్తే సరిపోదు. దానికి తిండి పెట్టాలె. ఏం తింటున్నరు?"

శని, సోమ, గురువారాల్లో ఒక్కపొద్దు అని చెప్పాను. పగలు ఏమీ ముట్టను, సాయంత్రం ఒక్కపూట తింటాను. మిగతా రోజులు అన్నం, పచ్చడి, పెరుగు.

"మూడు రోజులా? ఏ దేవునికి?"

ఏ దేవుడూ లేడు. ఉన్నదల్లా చెప్పుకోలేని సంగతి.

మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. ఆరేళ్ల కింద ఆసిఫాబాద్ వైపు ఒక ఊరికి పోస్టింగ్ పడింది. కూతురు కాలేజీ హాస్టల్లో ఉంటుంది. నేను ఫ్యాక్టరీకి దగ్గర్లోని కర్దనూర్‌లో కిరాయి గదిలో ఒక్కణ్నే. మా బ్లాకులో నలుగురం ఒకచోట కూర్చుని తింటాం. క్యాంటీన్ వాళ్లు అన్నం, పప్పుచారు పోస్తారు, కూరలు మాత్రం ఎవరింటి నుంచి వాళ్లు డబ్బాల్లో తెచ్చుకుని నడుమ పెడతాం. ఆవిడ ఉన్నన్నాళ్లు నా డబ్బా అందరికన్నా ముందు ఖాళీ అయ్యేది. ఆమె వెళ్లాక నేను ఉత్త చేతులతో వచ్చేవాణ్ని. "తినన్నా, మొహమాటమెందుకు" అని వాళ్లే నా కంచంలో వేసేవాళ్లు. కొన్ని నెలలు తిన్నాను. రోజూ తీసుకోవడమే గానీ పెట్టేది లేకపోతే ఆ ముద్ద గొంతు దిగదు. ఒక శనివారం ఒక్కపొద్దు అని చెప్పి తప్పించుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. దేవుడి పేరు చెబితే ఎవరు చేస్తారు? తర్వాత సోమవారం కలిసింది, ఆ తర్వాత గురువారం. బుధవారం క్యాంటీన్లో ఇచ్చే గుడ్డు కూడా పక్కవాడి కంచంలో వేసేవాణ్ని, ఎంతో కొంత ఇచ్చినట్టు ఉంటుందని.

ఒక్కపొద్దు పుణ్యమో ఏమో గానీ నాకు మిగిలింది సన్నబడ్డ చేతులు, వేలాడే పొట్ట.

డాక్టరమ్మ మూడు నెలల గడువిచ్చింది. అప్పటిదాకా బస్తాలు ముట్టొద్దు, లేబుళ్ల గదిలో పని. మూడు నెలలకు మళ్లీ కుర్చీ పరీక్ష, తర్వాత తన ముందే బస్తా ఎత్తాలి. ఎత్తలేకపోతే లేబుళ్ల గదే ఖాయం. లేబుళ్ల గదిలో ఉండేది ఒక్కడే. ఆ గదికి భోజనం వేళ కూడా వేరు. కిరాయి గదికి పోతే ఒంటరినే, పనిలోనూ ఒంటరినైతే ఇక రోజు మొత్తంలో నన్ను పలకరించే మనిషి ఎవరు? డబ్బా లేకపోయినా ఆ నలుగురిలో కూర్చోవడమే నాకు మిగిలిన సంసారం.

మొదటి వారమే తప్పు చేశాను. కండ కోసం గుడ్లు, పప్పులు తినమంది కదా అని సాయంత్రం గదికి పోయి ఆరు గుడ్లు ఉడకబెట్టుకుని ఒకేసారి మింగాను. పొద్దున మామూలుగా చాయ మాత్రమే. కడుపు రాయైంది. సంగతి విని డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"పండుగ లెక్క ఒక్కపూట తింటే కండకు అందదు. మూడు పూటలకు పంచాలె. పొద్దున ఖాళీ కడుపుతోని రావొద్దు. మీ రక్త పరీక్షల కిడ్నీలు మంచిగనే ఉన్నయి, భయం లేదు. ప్రొటీన్ పొడి డబ్బాలు గిట్ల కొనకున్రి, ఇంట్ల దొరికేవి చాలు."

అట్లా వంట మొదలైంది. ఒక్కడి కోసం పప్పు వండుకోవడమంత దిగులు పని ఇంకోటి లేదు. గుప్పెడు పప్పు వేస్తే కుక్కర్ అడుగున కనిపించదు, ఎక్కువ వేస్తే రెండు రోజులు అదే. పోపు చిటపటలాడాక గదిలో మళ్లీ నిశ్శబ్దం. ఎన్నోసార్లు పొయ్యి కట్టేసి పచ్చడి సీసా తీశాను. తీసి, మళ్లీ పెట్టేశాను.

చివరికి ఒక పద్ధతి కుదిరింది. పొద్దున మొలకెత్తిన పెసలు, రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి పప్పో, మీల్‌మేకర్ కూరో ఎక్కువ. సాయంత్రం జొన్నరొట్టె, శనగలు, పెరుగు. ఆదివారం పటాన్‌చెరు మార్కెట్లో చేపలు. దాంతో పాటు రోజు విడిచి రోజు కుర్చీలో కూర్చుని లేవడం, గోడను నెట్టడం, నీళ్ల క్యాన్ ఎత్తడం. మొదట పావు వంతు నీళ్లతో, వారం వారం ఇంకొంచెం పోస్తూ.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"ఏం బిడ్డా, కూసుంటవో లేస్తవో ఒకటి ఖాయం జేసుకో," అని కిందికి వెళ్లిపోయింది. ఆ వారంలో గదిలోకి తొంగిచూసి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

రెండు నెలలకు తూకం చూసుకుంటే ఒక్క కిలోనే పెరిగాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చేస్తే వచ్చింది ఇదా అని డాక్టరమ్మ మీదే విసుక్కున్నాను. ఆమె టేపు తీసింది. పొట్ట దగ్గర రెండు వేళ్ల వెడల్పు తగ్గింది.

"ముందుగాల బలం వస్తది, కండ నిదానంగ వస్తది. తూకం జోలికి పోకున్రి," అంది.

గడువు నాటికి ఐదుసార్లు కూర్చుని లేచాను, చేతులు కదపకుండా. తర్వాత బ్లాకులో ఆమె, ఇన్‌చార్జి చూస్తుండగా బస్తా పట్టాను. మూడో మెట్టు మీద ఆగాను. నాలుగో మెట్టెక్కి, బస్తా రొమ్ము దాకా లేపి వంచాను. కుర్రాడిగా ఉన్నప్పుడు చేసినంత తేలిగ్గా కాదు, కానీ చేశాను. ఆమె కార్డు మీద సంతకం పెట్టింది.

మర్నాడు గుడ్ల పులుసు డబ్బా నలుగురి నడుమ పెట్టాను. మాలో పెద్దవాడు ముందుగా ముద్ద కలుపుకున్నాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు, ఇంకో గరిటె వేసుకుంటూ. అది కలుపుకుంటూ, "ఇయ్యాల గురువారం. ఒక్కపొద్దు లేదా?" అన్నాడు.

"ఎన్నడు లేకుండె అన్నా. డబ్బా లేదని గట్ల జెప్పిన," అన్నాను.

ఆయన నా కంచంలోకి తన డబ్బాలోని బీరకాయ కూర వంపాడు. నేను తిన్నాను.

షిఫ్ట్ దిగి గదికి రాగానే ఆసిఫాబాద్‌కు ఫోన్ చేశాను. బస్తా పడిన సంగతి మూడు నెలలు దాచాను, పరేషాన్ అవుతుందని. ఇప్పుడు అంతా చెప్పాను. కుర్చీ పరీక్ష, పెసలు, చేపలు, పూట పూటా ఏం వండుకున్నానో గొప్పగా చెప్పుకుంటూ పోయాను. ఆమె ఊ కొడుతూ వింది. తర్వాత ఊ కొట్టడం కూడా ఆగిపోయింది.

"ఉన్నవా?" అన్నాను.

"ఉన్న," అంది. "మొన్న పిల్లలకు పాఠం జెప్తా కింద కూసున్న. లెవ్వబోతే కాలేదు. ఇద్దరు పిల్లలు చెయ్యి పట్టి లేపిన్రు."

ఆమెకూ నలభై దాటి మూడేళ్లు. ఆమెదీ ఒంటిగదే. ఆరేళ్లుగా ఆమె వండని డబ్బా గురించి బాధపడ్డాను గానీ, అక్కడ ఆమె ఎవరి కోసం వండుకుంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.

"ఇయ్యాల పొద్దున ఏం తిన్నవ్?" అని అడిగాను.

"చాయ తాగిన."

"మధ్యాహ్నం?"

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందని తెలిసింది. ఆ ప్రశ్న నేను ఆమెను అడగడం అదే మొదటిసారి.