నాలుగు పేజీల నుంచి ఆరు మాటలు

మా అక్క భర్త శివారు రైతు. ద్రాక్షారామం అవతల, కాలువ నీళ్లు అందరికంటే చివర చేరే పొలం ఆయనది. ఆ ఏడు ఎగువ ఊళ్లవాళ్లు తూములు మూయక, దిగువన నారు పోసిన ఆకుమడులు ఎండిపోతున్నాయి. ధవళేశ్వరంలో నీటి అధికారి దొర రైతుల మాట వింటానన్నాడు. ఆయనకు తెలుగు వచ్చు. ఊరివాళ్లు బావనే మాట్లాడమన్నారు, నలుగురిలో జంకని మనిషని. రాసివ్వడం బడిపంతులునైన నాకు వదిలారు.

నాలుగు పేజీలు పొందికగా రాశాను. మా అరుగు మీద పెద్దల ముందు చదవమన్నాను. కాగితం చేతికి రాగానే బావ పురాణం రాగం అందుకున్నాడు. మా వైపు నలుగురి ముందు చదవడమంటే అదొక్కటే పద్ధతి. రెండో పేజీకి ఒక ముసలాయన చేతులు జోడించాడు. ఇంకొకరు "మరి ఎగువవాళ్లు కాదంటే?" అని అడగగానే బావ చదివే చోటు పోగొట్టుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"దొర ప్రసాదం అడుగుతాడేమో బావగారూ" అన్నాను.

"ఇది నీ నోరయ్యా. నాది పెట్టెలో పెట్టి తాళం వేశావు."

కోపం వచ్చింది గాని, ఆయన మాట నిజం. మధ్యాహ్నం కూర్చుని, ఒక్కో పేరా ఎందుకుందో పక్కన ఒక్క మాటలో రాసుకున్నాను. ఒకే పని చేసేవి కలిపేశాను. చివరికి ఆరు మిగిలాయి: పలకరింపు, ఆకుమడి, తూములు, లెక్క, వంతు, కోరిక. అర కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఎడంగా, ఒకదాని కింద ఒకటి రాశాను. ఎండుతున్న ఎకరాల లెక్క, చివరి కోరిక మాత్రం ఆ మాటల పక్కనే ఉన్నదున్నట్టు రాశాను. ఆ రెండూ తప్పకూడదు.

బావ రెండుసార్లు చెప్పి చూశాడు.

"మొదటిసారి ఇలా అనలేదే?" అంది అక్క.

"మాటలు మారనీ అక్కా, వరస మారకపోతే చాలు" అన్నాను.

ధవళేశ్వరంలో దొర ముందు బావ చెబుతూ తూముల మాట దగ్గరికి రాగానే దొర అడ్డుకున్నాడు. "నీళ్లు వదిలామని ఎగువవాళ్లు అంటున్నారు."

బావ బొటనవేలు కాగితంలో ఆ మాట మీదే ఉంచి తలెత్తాడు.

"వదిలారండి. మా దాకా రాలేదండి. తమరే వచ్చి మా కాలువలో దిగి నడవండి, చెప్పులు తడవవు."

దొర నవ్వాడు. బావ కాగితం వైపు ఒక్క చూపు చూసి, వేలు కిందికి జరిపి, లెక్క చదివాడు. ఆ తరువాత వంతు సంగతి తన మాటల్లో చెప్పాడు. "మూడు రోజులు వాళ్లకి, మూడు రోజులు మాకు ఇప్పించండి" అన్న కోరిక మాత్రం అక్షరం పొల్లుపోకుండా, రాగం లేకుండా వినిపించాడు.

ఎల్లుండి నుంచి వంతు మొదలుపెట్టమని దొర గుమాస్తాకు చెప్పాడు.

తిరుగు పడవలో అందరూ బావనే మెచ్చుకున్నారు.

"మా పంతులు రాసిందేనర్రా" అంటూ ఆయన అర కాగితం చూపించాడు.

"ఇందులో ఏముందండీ, ఆరు మాటలూ రెండు వాక్యాలేగా" అన్నారెవరో.

నాలుగు పేజీలూ ఎక్కడ పోయాయో తెలియదు. ఆ కాగితం మాత్రం నా డైరీలో అంటించి ఉంది. మూడో మాట మీద బావ బొటనవేలి చెమట మరక ఇప్పటికీ కనిపిస్తుంది.