తోటి కార్మికుడిని వెంట తెచ్చుకోవచ్చు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఎవరూ అడగకపోయినా ఈ మాట చెబుతుంటాను. మా అమ్మానాన్నలు రుద్రారం వైపు పొలాల్లో కూలికి వెళ్తారు. నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో, ఇనుప రేకును ప్రెస్ మిషన్ల కింద ఒత్తి బండ్ల విడిభాగాలు చేసే చోట, హెచ్‌ఆర్ అసిస్టెంటుగా చేరాను. మొదటి రోజు ఐడీ కార్డుతో ఇంటికి వస్తే మా అమ్మ అన్నం తినేదాకా దాన్ని మెడలోంచి తీయనివ్వలేదు.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఒక ఉత్తరం. విచారణకు రమ్మని ఒక ఆపరేటరుకు రాయాలి.

అతను నడిపే ప్రెస్ మిషన్ పాతది. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే ప్రెస్ కిందికి దిగుతుంది. చేతులు బయట ఉండాలనే ఆ ఏర్పాటు. ఒక రోజు సూపర్‌వైజర్ రౌండుకు వచ్చేసరికి ఒక బటన్ మీద టేపు బిగించి ఉంది. ఆపరేటర్ ఒక చేత్తో బటన్ నొక్కుతూ, రెండో చేత్తో రేకు తీస్తున్నాడు. అతన్ని సస్పెండ్ చేసి సంజాయిషీ అడిగారు. ‘తప్పయింది, ఈసారికి క్షమించండి’ అని రాసిచ్చాడు. ఏ తప్పో రాయలేదు.

"గిట్ల రాస్తే ఏం చేయాలె?" అన్నారు మా మేనేజర్ సార్. "ఒప్పుకున్నట్టా, కానట్టా? విచారణ పెట్టాల్సిందే. ఎప్పుడూ ఇంగ్లీషుల ఇస్తం, సంతకం పెట్టి పోతరు. ఈసారి నువ్వు తెలుగుల రాయి. చదివితే సమజ్ కావాలె."

ఆ పూటంతా అదే రాశాను. ఆరోపణలు రెండు. ఒకటి, టేపు మీరే వేశారని. రెండు, బటన్ అలా ఉందని తెలిసి కూడా పైవాళ్లకు చెప్పకుండా మిషన్ నడిపారని. విచారణ వచ్చే గురువారం ఉదయం పదకొండుకు, ట్రైనింగ్ గదిలో. విచారించేది బయటి నుంచి వచ్చే వకీలు. ఈ ఫ్యాక్టరీలో పనిచేసే తోటి కార్మికుడిని ఒకరిని మీకు సాయంగా వెంట తెచ్చుకోవచ్చు. సాక్షులను పిలుచుకోవచ్చు, కంపెనీ సాక్షులను ప్రశ్నలు అడగవచ్చు. ఆ రోజు కుదరకపోతే కారణం రాసి గడువు అడగవచ్చు. ఏ కారణమూ చెప్పకుండా రాకపోతే, మీరు లేకుండానే విచారణ జరుగుతుంది. చివర ఇంకో వాక్యం కలిపాను: ఇవి ఆరోపణలు మాత్రమే, ఇంకా రుజువు కాలేదు.

సార్ ఎర్ర పెన్ను పట్టుకుని చదివారు. ఆ చివరి వాక్యం దగ్గర ఆగి, పెన్నుకు మూత పెట్టేశారు.

ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండే ఆ ఆపరేటర్ గేటు దగ్గరికి వచ్చి, సంతకం పెట్టి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకంటే ఐదారేళ్లు పెద్ద ఉంటాడు. తల ఎత్తలేదు.

గురువారం పదిన్నరకు సెక్యూరిటీ నుంచి ఫోను. "మేడం, జెర గేటు కాడికి రండి. ఆటోల ఊరోళ్లు వచ్చిండ్రు."

ముగ్గురు పెద్దమనుషులు. తెల్ల పంచెలు, భుజాల మీద తువ్వాళ్లు. ఊళ్లో పంచాయితీకి ఎవరి తరఫు పెద్దలను వాళ్లు తీసుకెళ్తారు కదా, ఆపరేటర్ కూడా అలాగే తీసుకొచ్చాడు. మా నాన్నకు ఇలాంటి పిలుపు వస్తే ఆయనా అదే చేసేవాడు.

"మీ సేటు ఏడున్నడు బిడ్డా?" అన్నాడు అందరికంటే పెద్దాయన. "రెండు మాటలు మాట్లాడి పోతం."

"సేటు ఉండడు తాతా. వకీలు సాబ్ విచారణ చేస్తడు. ఫ్యాక్టరీల పనిచేసేటోళ్లే లోపలికి రావాలె."

"మేం మిషిన్ చూడలే, నిజమే. వీణ్ణి చూసినం గదా, పుట్టిన కాంచి."

రెండో ఆయన ఆపరేటర్ భుజం తట్టాడు. "ఇగో, లోపలికి పోంగనే అన్నీ నేనే చేసిన, తప్పయింది అను. దండం పెట్టు. అక్కడికి అయిపోతది."

ఊళ్లో నిజంగానే అయిపోతుంది. ఇక్కడ అలా కాదు. రెండు ఆరోపణలూ ఒప్పుకుంటే అవి రుజువైనట్టే. ఉద్యోగం పోవచ్చు. కానీ నేను కంపెనీ మనిషిని. ఏం చెప్పాలో అతనికి నేను నేర్పకూడదు.

"ఉత్తరం చదివినవా అన్నా?" అని మాత్రం అడిగాను.

"చదవలే మేడం. పిలిచిండ్రని తెల్సు గదా, ఇంకేం చదవాలె." జేబులోంచి తీసి ఇచ్చాడు. "మీరే చదువుండ్రి. పెద్దమనుషులు గూడ వింటరు."

గేటు పక్కన నిలబడి, నేను రాసిందే మొదటి నుంచి చివరిదాకా చదివాను. సెక్యూరిటీ అతను కూడా రిజిస్టరు పక్కన పెట్టి విన్నాడు. మొదటి ఆరోపణ దగ్గర ఆపరేటర్ తల ఎత్తాడు.

"టేపు నేనెయ్యలే. నేను షిఫ్టుకు వచ్చేటాలకే ఉండె."

"మరి క్షమించుండ్రి అని ఎందుకు రాసినవ్‌రా?" అన్నాడు పెద్దాయన.

"నువ్వే రాయమంటివి కాకా."

పెద్దాయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆఖరుకు ఉన్నది ఇంకోసారి చదువు బిడ్డా" అన్నాడు. చదివాను. "రుజువు కాలేదంట. ఇన్నవా? మేం ఇంటికి పోతం. నువ్వు నీ తోటోణ్ణి ఎతుక్కో."

ఆపరేటర్ ఒక్కడే లోపలికి వచ్చాడు. సస్పెన్షన్‌లో ఉండి ఎవరినీ కలవలేకపోయానని, సాయానికి మనిషిని తెచ్చుకుంటానని రాసిచ్చాడు. వకీలు సోమవారానికి వాయిదా వేశారు.

సోమవారం అతని వెంట మా ఫ్యాక్టరీలోనే ప్రెస్‌లకు డైలు, అంటే రేకును ఒత్తే అచ్చులు, బిగించే ఫిట్టర్ వచ్చాడు. మాటకు ముందు గొంతు సవరించుకునే మనిషి. విచారణలో ఎవరేం మాట్లాడినా రాసుకోవడం నా పని.

"సార్, షిఫ్టు మారినప్పుడు మీరు మిషిన్ కాడ ఉన్నరా?" అని సూపర్‌వైజర్‌ని అడిగాడు ఫిట్టర్.

"లేను. కొంచెం ఆగి వచ్చిన."

"అయితే టేపు ఎవరేసిండ్రో మీరు చూడలే."

"చూడలే. ఉన్నది మాత్రం చూసిన."

"నాక్కావాల్సింది గంతే సార్."

తర్వాత వకీలు ఆపరేటర్‌ని అడిగారు. "టేపు ఉన్నట్టు నీకు తెలుసా?"

అతను ఫిట్టర్ వైపు చూశాడు. ఫిట్టర్ కిటికీ వైపు చూశాడు.

"తెల్సు సార్. పని జల్దీ అయితదని తీయలే. ఎవరికీ చెప్పలే. గదైతే నాదే తప్పు. టేపు మాత్రం నేనెయ్యలే."

ఆ మాటలన్నీ అన్నవి అన్నట్టే రాశాను. ఆ కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు.

వకీలు నివేదిక వచ్చింది. మొదటి ఆరోపణ రుజువు కాలేదు, రెండోది అయింది. కంపెనీ సస్పెన్షన్ ఎత్తేసి, హెచ్చరిక ఉత్తరంతో సరిపెట్టింది. అదీ తెలుగులో నేనే రాశాను. సాయంత్రం ఇంటికి వెళ్లి, పేర్లూ ఊర్లూ లేకుండా, ఒక మనిషి పని నిలబడిందని మా అమ్మకు చెప్పాను. "నువ్వు నిలబెట్టినవా?" అంది. "లేదు, చదివి వినిపించిన" అన్నాను. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను.

మర్నాడు ఆపరేటర్ హెచ్చరిక ఉత్తరం తీసుకోవడానికి వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చుని, వేలు పెట్టి ప్రతి వరుసా చదివాకే సంతకం పెట్టాడు.

"ఇంకో కాపీ ఇస్తరా మేడం? ఊర్లె పెద్దమనుషులకు చూపియ్యాలె. ఏమైందో చెప్పకుంటె ఊకోరు."

జిరాక్స్ తీసి ఇచ్చాను. రెండు కాగితాలనూ టిఫిన్ సంచిలో పెట్టుకుని, మిషన్ల మోతకు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటూ షిఫ్టుకు వెళ్లాడు.