నొప్పి తెలియని కాలు

ధర్మవరంలో వీరేష్ తన మనవరాలికి పేరు పెట్టుకుంటున్న రోజున, అతని పెదనాయన శ్రీరంగప్ప చెప్పులతోనే గడప దాటి లోపలికి వచ్చాడు. రిటైరైన అయ్యవారు. ఆయన అక్క హనుమంతమ్మకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, బడిలో పిల్లోళ్లకు చెప్పింది ఇదేనా? దేవుని పటాల ముందర చెప్పులేంది?"

"కూర్చో అక్కా. అందరికీ నాలుగు మాటలు చెప్తా. తర్వాత తిట్టు."

వీరేష్ నవ్వుకున్నాడు. పెదనాయన లాగే అతనికీ షుగరే. ఒంట్లో బాగున్నట్టుంటే మాత్ర మానేస్తాడు. అతని దిగులంతా మగ్గం మీదే. మగ్గం గుంటలో కూర్చుని కాళ్ల కింది చెక్కలు తొక్కుతుంటే ఈ మధ్య కాలు తప్పి పక్క చెక్క మీద పడుతోంది. చీర అంచులో పోగులు తప్పుతున్నాయి. ఇంకో చీర చెడితే నేతకు పట్టు ఇవ్వనని సేటు చెప్పేశాడు. లోపం మగ్గానిదేనని పెదనాయనతో సహా అందరికీ చెప్పి వీరేష్ చెక్కల తాళ్లు విప్పి కడుతున్నాడు.

శ్రీరంగప్ప మొదలుపెట్టాడు.

"షుగరొచ్చి ముప్పై ఏండ్లకు దగ్గర. రాగిసంగటి ఏం చేస్తాదిలే అని పూటకు మూడు ముద్దలు మింగుతాంటి. అదీ కడుపులో చక్కెరే అయితాది. ఒక ఏకాశి నాడు ఒక్కపొద్దని మాత్ర ఏసుకుని కూడు తినలా. చెమట్లు పట్టి, చేతులు వణికి, బడిలో బోర్డు కాడనే పడిపోయినా. చక్కెర నీళ్లు తాపితే లేసినా."

"ఆ కత ఊరంతా తెలుసులే. చెప్పుల సంగతి చెప్పు."

"ఆడికే వస్తాండా. అరికాళ్లు మంట, సూదులు పొడిచినట్ల ఉండె. కొన్నాళ్లకు మంట పోయింది. బాగైందనుకున్నా. నరం సచ్చిందని తెలీలా. ఎండలో కొండబండ మీద వట్టికాళ్లతో నడిచినా. బొబ్బ లేసినా తెలీలా, చీము వాసనొచ్చినాక తెలిసింది."

ఎడమ చెప్పు విప్పాడు. రెండు వేళ్లు లేవు. హనుమంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకూ పోయినేడు మంటలుండె," అన్నాడు వీరేష్. "ఇప్పుడు హాయిగా ఉండాది."

పెదనాయన ముఖం మారింది.

"హాయిగానా? ఈడ కూర్చో. కండ్లు మూసుకో. తగిలితే ఆఁ అను."

దేవుని పటాల ముందరి దూది వత్తి తీసుకుని ముందు ముంజేతిని తాకాడు.

"ఆఁ."

వీరేష్ మళ్లీ తగులుతుందని కాచుకున్నాడు.

"ఏంది పెదనాయనా, ఇంకా మొదలుపెట్టలేదా?"

భార్య త్రివేణి గొంతు అతని పాదం దగ్గర నుంచి వినిపించింది.

"బొటనేలు కింద ఆ పుండు ఎప్పుడైందయ్యా?"

కళ్లు తెరిచాడు. పెదనాయన చేతిలో ఇప్పుడు వత్తి లేదు, చీపురుపుల్ల ఉంది. అది అతని మడమకు నొక్కుకుని వంగిపోయి ఉంది.

"నీ చెక్కలు బాగానే ఉండాయి నాయనా," అన్నాడాయన మెల్లగా.

"మగ్గం మానుకోవాల్నా?"

"డాక్టరు చెప్పాల. పోయిన నరం మళ్లీ రాదు. కాలన్నా మిగుల్చుకుందాం. ఈపొద్దే పోదాం పా."

త్రివేణి ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది. వీరేష్ లేవబోయి, పాదం నేలకు ఆనిందో లేదో వంగి చూసుకున్నాడు.