చింతగింజల బేరం

మా ఆయన గుంటూరు వెళ్ళిన రోజుల్లో మాచర్లలోని మా కొట్టు నేను చూసుకునేదాన్ని. సాగర్ డ్యాము పని మొదలైన కొత్త రోజులవి. కోమటింటి కోడలు గద్దె మీద కూర్చుంటే పరువేం కావాలని మా అత్త సణిగేది. ఆమె సణుగుడుకు నేను లోపల నవ్వుకునేదాన్ని. కొట్టు ముందు గొళ్ళెం పెట్టి, వచ్చిన రైతును రేపు రమ్మనటం కంటే అది నయమనిపించేది.

మాది మిరప కొనే కొట్టు. రైతు కొంచెం కాయ మచ్చుకు తెచ్చి చూపిస్తాడు. రంగు చూసి, తొడిమ చూసి, చేతిలో నలిపి ఘాటు చూసి బేరం చేస్తాం. మగవాళ్ళు తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, వేళ్ళు పట్టుకుని రేటు మాట్లాడుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి ఏం తెలియకూడదని ఆ పద్ధతి. నేను పరాయి మగాడి చెయ్యి పట్టుకుంటానా? అందుకని నా పద్ధతి నేను పెట్టుకున్నాను. తువ్వాలు కింద చింతగింజలూ కందిగింజలూ పెట్టేదాన్ని. చింతగింజకు పెద్ద లెక్క, కందికి చిన్న లెక్క. రైతు తడిమి చూసుకుని, చాలకపోతే గింజ అడిగేవాడు, చాలితే తువ్వాలు తీసేవాడు. తువ్వాలు తీశాడంటే బేరం కుదిరినట్టు. వెంటనే మా కొట్టు మార్కు వేసిన గోతాలు అతని బండిలో వేసి పంపేదాన్ని. ఆ మార్కు గోతం పడ్డ కాయ జోలికి వేరే కొట్టువాడు రాడు. అదీ బజారు మర్యాద.

మా ఆయన ఊరి నుంచి రాగానే నేను చేసిన బేరాలన్నీ వినేవాడు. ఎప్పుడూ కాదనలేదు. పైగా నలుగురిలో "మా ఇంటావిడ గింజలతో బేరం చేస్తది, నేను వేళ్ళతో చేసినదానికంటే రెండు కందులు తగ్గించే చేస్తది" అని గొప్పలు పోయేవాడు. అబద్ధం చెప్పకూడదు, ఆ మాట వింటే నాకు వంటింట్లో నిలబడ్డచోటే ఒళ్ళు పొంగేది.

ఆ ఏడు మాఘమాసంలో దుర్గి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. క్రైస్తవులు. ఆదివారం ఎంత అవసరమున్నా బండి కట్టడు. మా కొట్టుకే ఏళ్ళ తరబడి కాయ పోస్తున్నాడు. మా ఆయన గుంటూరులో ఉన్నాడు. పెద్దాయన మచ్చు నా ముందు పోసి, "అమ్మా, పక్క కొట్టాయన పొద్దున్నే మా కళ్ళంలోకి వచ్చి అడిగిపోయాడు. మీతో మాట్లాడకుండా ఇయ్యటం నాకు ఇష్టంల్యా" అన్నాడు. కాయ ఎర్రగా, తళతళ మెరుస్తోంది. తువ్వాలు పరిచాను. ఒక కంది మీద కాసేపు పేచీ పడ్డాం. చివరికి ఆ కంది నేనే వేశాను. ఆయన తువ్వాలు తీశాడు.

"పెద్దయ్యా, పక్క కొట్టాయనకు ఇయ్యనని కబురు పంపుతావా మరి?" అన్నాను.

"పంపుతా. మాట అయిపోయినాక ఇంకేందమ్మా," అన్నాడు. ఆయన కూతురు మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. ఈ కాయ డబ్బు ఆ పిల్ల చదువుకే అని పోతూ పోతూ చెప్పాడు.

మర్నాడు మొదటి బండి కాయ వచ్చింది. మా ఆయనా ఆ రాత్రి రైలుకే దిగాడు. అన్నం వడ్డిస్తూ బేరం చెప్పాను, రేటు చెప్పాను, ఎక్కువ వేసిన కంది సంగతీ చెప్పాను. "సరేలే, కాయ బాగుంది" అన్నాడు. ఆ బండి కాయను అలాగే గుంటూరు దలాలుకు పంపి అమ్మేశాడు.

వారం తిరగకుండా రేటు పడిపోయింది. పడటమంటే బావిలో చేద తెగినట్టు పడింది. పెద్దాయన కళ్ళంలో మిగిలిన కాయంతా మా గోతాల్లోనే ఉంది. మా ఆయన మనిషిని పంపి, ఇంక తేవద్దని చెప్పించాడు.

పెద్దాయన పరుగున వచ్చాడు. నేను గద్దె వెనక గుమ్మంలో ఉన్నాను.

"బేరం అయిందిగదా అయ్యా," అన్నాడు.

"ఎవరితో అయింది?" అన్నాడు మా ఆయన.

"అమ్మతో."

"అయితే అమ్మనే కొనుక్కోమను. ఆడదాని మాటకు నేను కట్టుబడాలా? నేను నా నోటితో కొంటానన్నానా?"

పెద్దాయన నా వైపు చూశాడు. నేను నోరు తెరిచి ఏదో ఒకటి అంటానని ఎదురుచూశాడు. ఏమే లోపలికి పో అని మా ఆయన కసిరాడు. పోయాను. పోయి బియ్యం చేటలో పెట్టుకుని రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు ఏరాను. నా మాట నమ్మి వచ్చిన బేరం వదులుకున్న మనిషి మా అరుగు మీద నిలబడి ఉంటే, నేను మా ఇంట్లో మా బియ్యం ఏరుతున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పక్క కొట్టాయన ఇప్పుడు సగం రేటుకు కూడా రానన్నాడట. మా మార్కు గోతాల్లో ఉన్న కాయను ఎవడు ముడతాడు? పెద్దాయన మంచి మాటతో రెండుసార్లు తిరిగాడు. మూడోసారి తను రాలేదు, ప్లీడరు నోటీసు వచ్చింది.

మా ఆయన నరసరావుపేటలో మా ప్లీడరు దగ్గరికి బయలుదేరాడు. బేరం చేసిన మనిషిని కూడా తీసుకురమ్మని ఆయన కబురు చేశాడని నన్నూ బస్సెక్కించాడు. నడికుడి దాటింది. ఆ తర్వాత, "ఆయన అడిగితే, నేను ముందే వద్దన్నానని చెప్పు" అన్నాడు.

"మీరు వద్దనలేదు గదా?" అన్నాను.

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ప్లీడరు గారింట్లో నన్ను లోపలి గదిలో ఆయన భార్య పక్కన చాప మీద కూర్చోబెట్టారు. మధ్యలో తలుపు వారగా వేసి ఉంది. ప్రతి మాటా వినపడింది.

"మా ఆవిడకు ముందే గట్టిగా చెప్పానండీ, ఈసారి కాయ కొనొద్దని. నా మాట కాదని కొంది," అన్నాడు మా ఆయన. చక్కగా, తడబడకుండా అన్నాడు. నా తల వంగిపోయింది. ప్లీడరు గారి భార్య నా వైపు జాలిగా చూసింది. మొగుడి మాట కాదన్న ఆడదానిగా ఆమె కంటికి నేను ఎలా ఉన్నానో ఆ చూపు చెప్పింది.

"చెప్పావనే అనుకుందాం. ఆ రైతుకు చెప్పావా?" అన్నాడు ప్లీడరు.

"ఆయనకెందుకు చెబుతానండీ?"

"మరి ఆయనకెలా తెలుస్తుంది? నువ్వు లేనప్పుడు గద్దె మీద ఎవరు కూర్చుంటారు?"

"మా ఆవిడే."

"ఇంతకుముందు ఆమె చేసిన బేరాల కాయ తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

"ఎప్పుడైనా కాదన్నావా?"

"లేదండీ."

"అంతే మరి. రాసి ఇవ్వకపోయినా, జీతం లేకపోయినా, ఆమె నీ ఏజెంటే. నీ కొట్టు, నీ గద్దె, నీ మార్కు గోతాలు. ఆ అధికారం ఉన్నట్టు రైతులకు చూపించింది నువ్వు. నువ్వూ ఆమే చాటున ఏం అనుకున్నారో వాళ్ళకేం తెలుసు? ఇంట్లో గుసగుస ఆయన్ని కట్టెయ్యదు."

"నేను తప్పుకోవటానికి దారే లేదంటారా?"

"ఇంకోటి చెప్పు. మొదటి బండి కాయ ఏం చేశావు?"

"అమ్మాను."

"ఆమె ఏ రేటుకు కొన్నదీ నీకు అప్పటికి తెలుసా?"

"తెలుసు. అన్నం తింటుంటే చెప్పింది," అన్నాడు మా ఆయన.

ప్లీడరు నవ్వాడు. "ఇంక నా దగ్గరికెందుకొచ్చావయ్యా? ఆమెకు అధికారం లేదనే అనుకుందాం. అన్నీ తెలిసి సరుకు అమ్ముకున్నావంటే బేరాన్ని నువ్వు ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి. లాభమున్న బండి నాది, నష్టమున్న బండ్లు మా ఆవిడవి అంటే ఏ కోర్టూ వినదు. పోయి కాయ దించుకో, డబ్బు కట్టు."

"ఆవిణ్ణి ఒకసారి అడగరా?" అన్నాడు మా ఆయన నీరసంగా.

"ఆమెను అడగాల్సిందేం లేదు. అయిపోయింది," అన్నాడు ప్లీడరు.

అంత దూరం నన్ను తీసుకెళ్ళి ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. మా ఆయన వద్దనలేదన్న నిజం, కేసుకు అక్కరకు రాలేదు కాబట్టి, నాతోనే ఉండిపోయింది. ప్లీడరు ఆ తర్వాత కూడా ఏదో సలహా చెబుతూనే ఉన్నాడు గానీ, ఆయన భార్య కాఫీకి నన్ను వంటింట్లోకి లేవదీసింది. అదేం సలహానో నేను వినలేదు.

పెద్దాయన కాయ మొత్తం మా కొట్టుకు చేరింది. నేను చెప్పిన రేటుకే మా ఆయన డబ్బు కట్టాడు. పెద్దాయన అరుగు దిగుతూ, "అమ్మా, నీ మాట నిలబడింది," అన్నాడు. మంచి మనిషి. నిలబడింది నా మాట కాదు, ప్లీడరు మాట అని నాకు తెలుసు. చేతులు జోడించి లోపలికి వెళ్ళిపోయాను.

తర్వాతి సంతరోజు మా ఆయన పొద్దున్నే రెంటచింతల పని ఉందని వెళ్ళాడు. రోజూ లాగే నేను గద్దె మీద కూర్చున్నాను. ఎవరో రైతు మచ్చు పోస్తున్నాడు, నేను తువ్వాలు దులుపుతున్నాను. బజారు మొదట్లో తప్పెట మోగింది. పశువుల టీకాల సంగతేమో అనుకున్నాను. చాటింపు దగ్గరికొచ్చేకొద్దీ మాటలు తెలిశాయి. మా కొట్టు పేరు, మా ఆయన పేరు. "ఆయన లేనప్పుడు ఆయన భార్య చేసిన బేరం ఇక మీదట చెల్లదహో! ఆమె మాటకు కొట్టు పూచీ లేదహో!"

ప్లీడరు సలహా అదన్నమాట. రైతులకు తెలియజేయనంతకాలం నా మాట ఆయన్ని కట్టేస్తుంది. తెలియజేస్తే తీరిపోతుంది. నలుగురికి కబురు పంపినా సరిపోయేది. మా ఆయన తప్పెట కొట్టించాడు.

ఎదుటి రైతు మచ్చును మెల్లగా తన తువ్వాలులోకి ఎత్తుకున్నాడు. నా ముఖం చూడకుండా ఎత్తుకున్నాడు. బజారంతా మా కొట్టు వైపే చూస్తోంది. భూమి చీలితే బాగుండునని అందరూ అంటారు. నాకు అలా కూడా అనిపించలేదు, గద్దె మీద నుంచి ఎలా దిగాలో తెలియలేదు, అంతే.

చాటింపువాడు మా అరుగు ముందుకొచ్చి ఆగాడు. నన్ను చూసి పుల్లలు కిందికి దించాడు.

"అమ్మా, నువ్వు లోపలుంటావనుకున్నా," అన్నాడు. "అయ్య నీకు చెప్పే ఉంటాడుగదా?"

"ఊరందరికీ చెప్పమన్నాడుగా," అన్నాను. "నేనూ ఊళ్ళోదాన్నే. తప్పెట కొట్టు."